హార్ట్ ఎటాక్, కార్డియాక్ అరెస్ట్, హార్ట్ ఫెయిల్యూర్ ఒకటేనా?

ప్రశ్న: పర్లాకిమిడిలో మా పెదనాన్నకి ఒకరు హార్ట్ ఎటాక్ అంటారు, ఒకరు గుండె ఆగింది అంటారు, ఇంకొకరు హార్ట్ ఫెయిల్యూర్ అంటారు. మూడూ ఒకటేనా?

కాదండి, కానీ ఒకే మనిషికి మూడూ రావచ్చు. గుణుపురంలో మా మావయ్యకి అలాగే అయింది. తెల్లవారుజామున ఛాతీ బిగబట్టేసి చెమటలు పట్టాయి, ఎడమ చెయ్యి లాగింది, అయినా మాట్లాడుతూనే ఉన్నారు. అది హార్ట్ ఎటాక్: గుండె కండకి రక్తం తెచ్చే నాళం గడ్డతో మూసుకుపోతుంది, గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది. గ్యాస్ అనుకుని కూర్చున్నాం, మా తప్పు అదే.

అరగంటకి కుప్పకూలారు, పిలిస్తే పలకలేదు, ఊపిరి లేదు. రక్తం అందని కండలో కరెంటు గాడి తప్పి, గుండె కొట్టుకోవడం మానేసి ఊరికే వణుకుతుంది, అది కార్డియాక్ అరెస్ట్. అప్పుడు పక్కవాళ్ల చేత 108కి ఫోన్ చేయిస్తూనే ఛాతీ మధ్యలో కనీసం 5 సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఆపకుండా నొక్కాలి. మా బావ అలా నొక్కుతూనే ఉన్నాడు, తర్వాత షాక్ ఇస్తే నాడి దొరికింది.

చచ్చిన కండ తిరిగి రాదు, మచ్చ పడుతుంది. కొన్ని నెలలకి కాళ్లు వాచాయి, వెల్లకిలా పడుకుంటే ఆయాసం. గుండె ఆగలేదు, పంపు బలహీనపడింది, అంతే. హార్ట్ ఫెయిల్యూర్ అంటే ఇది. ఇప్పుడు రోజూ పొద్దున్నే బరువు చూసుకుంటారు, రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాం.