సుజాతకు: బొటనవేలి మొదట్లో వచ్చే నొప్పి గురించి

చి.సౌ. సుజాతకు,

పెద్దమ్మ ఆశీస్సులు. గేటు తాళం తిప్పితే బొటనవేలి మొదట్లో పొడిచినట్టు ఉంటోందనీ, పచ్చడి సీసా మూత తియ్యడానికి పిల్లల్ని పిలవాల్సి వస్తోందనీ ఫోన్‌లో చెప్పావు. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను. నా ఫిజియోథెరపీ ఉద్యోగంలో ఈ నొప్పితో వచ్చినవాళ్లలో ఎక్కువమంది నీ వయసు ఆడవాళ్లే. యాభై దాటాక, ముట్లు ఆగిపోయాక ఇది మనలోనే ఎక్కువగా వస్తుంది.

ముందు నొప్పి సరిగ్గా ఎక్కడుందో చూసుకో. ఎడమచేతి వేలితో కుడి బొటనవేలి గోరు దగ్గర మొదలుపెట్టి వెనక్కి తడుముతూ రా. ఒక కణుపు తగులుతుంది, తర్వాత రెండోది, ఆ తర్వాత పొడుగాటి ఎముక. ఆ ఎముక మణికట్టుకు కాస్త ముందు ఆగే చోట మూడో కీలు ఉంటుంది. అక్కడ నొక్కితే ప్రాణం లేచొచ్చిందంటే నీ నొప్పి చాలావరకు ఆ కీలు అరుగుదలే. కొందరికి అక్కడ చిన్న మెట్టులా ఉబ్బి కనిపిస్తుంది.

నొప్పి అంతకంటే పైన, మణికట్టు పక్కన ఎముక పొడుచుకొచ్చిన చోట ఉంటే వేరే సంగతి. బొటనవేలిని పిడికిట్లో పెట్టి, చేతిని మెల్లగా చిటికెనవేలి వైపు వంచినప్పుడు అక్కడ భగ్గుమంటే అది స్నాయువు వాపు. దాన్ని డీక్వెర్వేన్ అంటారు. వేలు మడిచి తీసేటప్పుడు టక్కుమని పట్టేస్తే ట్రిగ్గర్ థంబ్ కావచ్చు. రాత్రిళ్లు తిమ్మిరితో మెలకువ వస్తే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందేమో చూపించుకోవాలి. రెండు చేతుల కణుపులూ వాచి, పొద్దున లేచాక గంట దాటినా బిగుసుకుపోయి ఉంటే రక్తపరీక్షలు చేయించాలి, అది రుమటాయిడ్ కీళ్లవాతం కావచ్చు. చెయ్యి ఊనుకుని పడ్డాక వచ్చిన నొప్పైతే ఇంట్లో ఏ ప్రయోగమూ చేయకుండా ఎక్స్‌రేకి వెళ్లాలి. కీలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం కూడా ఉంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నువ్వు చెప్పినదాన్నిబట్టి వీటిలో ఏదీ నీకు లేదు.

ఈ కీలు గుర్రపు జీను మీద ఇంకో జీను బోర్లించినట్టు ఉంటుంది. అందుకే బొటనవేలు అన్ని వైపులా తిరుగుతుంది. కానీ ఎముకలు ఒకదాన్నొకటి లోతుగా పట్టుకుని ఉండవు కాబట్టి నిలకడ తక్కువ. ఎముకల్ని దగ్గరగా ఉంచే లిగమెంట్లు వయసుతో వదులైతే బొటనవేలి ఎముక మొదలు కొద్దిగా బయటికి జరుగుతుంది. అప్పుడు బరువంతా కీలులో ఒకేచోట పడి గుజ్జు అరుగుతుంది. నువ్వు గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒకటే. బొటనవేలి కొసతో ఒక కిలో బలంతో నొక్కితే, దాని మొదట్లో ఉన్న కీలు మీద సుమారు 12 కిలోల బరువు పడుతుంది. తాళంచెవి చిన్నది, తల పల్చన. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించి పట్టి మెలిపెడతాం. నొక్కుడూ మెలికా ఒకేసారి పడతాయి కాబట్టే బస్తా మోసినప్పుడు రాని నొప్పి తాళం దగ్గర వస్తుంది.

కాబట్టి చేతికి పూర్తిగా విశ్రాంతి ఇవ్వమని నేను చెప్పను. ఇల్లూ బడీ చూసుకునే నీకు అది కుదరదు. పైగా వాడకపోతే కండ తగ్గి, కీలు ఇంకా వదులవుతుంది. ఆ నొక్కుడు తగ్గించుకుంటే చాలు.

నీ గేటు సంగతే తీసుకుందాం. ముందు తాళంకప్పని చూడు. మన హైదరాబాద్ దుమ్ముకి బయట వేలాడే తాళాలు బిగుసుకుపోతాయి. కొబ్బరినూనె పోస్తే నాలుగు రోజులు బాగానే ఉంటుంది, తర్వాత దుమ్మంతా దానికి అంటుకుని మరీ మొరాయిస్తుంది. పెన్సిల్ ముల్లుని గీకి, ఆ పొడిని తాళంచెవికి రాసి లోపలికీ బయటికీ ఆడించు. అప్పటికీ తిరగకపోతే తాళం మార్చెయ్యి, కొత్త తాళం ఖరీదు నీ కీలు కంటే ఎక్కువేం కాదు. తర్వాత వడ్రంగి చేత వేలెడంత పొడవున్న లావుపాటి చెక్కముక్కకి చీలిక పెట్టించి, తాళంచెవి తలని అందులోకి దూర్చి స్క్రూ బిగించమను. ఇప్పుడు చెక్కని పిడికిలితో పట్టుకుని తిప్పుతావు. పిడి పొడుగైన కొద్దీ తక్కువ బలం చాలు, వేళ్లకొసలతో నొక్కే పనే ఉండదు. అయితే బిగుసుకున్న తాళాన్ని ఆ పిడితో బలవంతంగా తిప్పితే తాళంచెవి విరుగుతుంది, అందుకే ముందు తాళాన్ని వదులు చెయ్యమన్నాను. బడిలో బీరువా తాళంచెవికి చెక్క కుదరకపోతే, తల చుట్టూ సైకిల్ ట్యూబ్ రబ్బరు మందంగా చుట్టుకో.

సీసా మూత దగ్గర నువ్వు చేసేది నాకు తెలుసు. సీసాని పొట్టకి ఆనించుకుని, మూత అంచుని వేళ్లతో బిగించి తిప్పుతావు. అలా కాదు. కొత్త సీసా అయితే మూత అంచు కింద స్పూన్ కొస దూర్చి కొంచెం లేపు, లోపలికి గాలి వెళ్లి టప్‌మంటుంది. సగం బిగువు అక్కడే పోతుంది. సీసా కింద తడిగుడ్డ పరిచి గట్టు మీద పెట్టు. మూత మీద రబ్బరు గ్లౌజు గానీ, డ్రాయర్లలో పరిచే జారని షీటు ముక్క గానీ వేసి, అరచేతిని పైనుంచి ఆనించి, మోచెయ్యి నిటారుగా బిగించకుండా భుజంతో తిప్పు. బొటనవేలు ఊరికే పక్కన ఉండాలి. మూసేటప్పుడు బిగించొద్దని ఇంట్లో అందరికీ చెప్పు, ముఖ్యంగా మీ ఆయనకి.

బట్టలు పిండటంలో కూడా ఇదే మెలిక ఉంది. తడిచీరని కుళాయికి చుట్టి, రెండు కొసలూ కలిపి పిడికిళ్లతో తిప్పు, లేదా మెషిన్ స్పిన్‌లో వెయ్యి. పేపర్లు దిద్దడానికి లావుపాటి పెన్ను తీసుకో. ఫోన్‌ని ఒక చేత్తో పట్టుకుని అదే బొటనవేలితో గీకడం మానెయ్యి.

ఇక పట్టీ. మెడికల్ షాపులో థంబ్ స్పైకా అని అడిగితే సాధారణంగా మణికట్టు కూడా కట్టేసే పొడుగుది ఇస్తారు. అది డీక్వెర్వేన్‌కీ, దెబ్బలకీ పనికొస్తుంది. నీకు కావలసింది పొట్టిది. బొటనవేలి మొదట్లో ఉన్న ఆ కీలుని పట్టుకోవాలి, మణికట్టూ వేలికొసా స్వేచ్ఛగా కదలాలి. షాపులోనే వేసుకుని బొటనవేలి కొసని చూపుడువేలి కొసకి తాకించు. గుండ్రంగా సున్నా వస్తే కొలత సరిపోయినట్టు. వేళ్లు తిమ్మిరెక్కినా, చర్మం మీద అచ్చు పడి చాలాసేపు పోకపోయినా అది బిగుతైనట్టే. నొప్పి వచ్చే పనులప్పుడు వేసుకో, పని అయ్యాక తీసెయ్యి. రాత్రి సలుపుంటే పడుకునేటప్పుడు కూడా వేసుకోవచ్చు. పగలూ రాత్రీ ఇరవైనాలుగు గంటలూ కట్టుకుని తిరిగితే వేలు బిగుసుకుపోతుంది. వారం వేసుకుని గుణం లేదని మూల పడేసినవాళ్లని చాలామందిని చూశాను. మూడు నెలలు వాడి చూడు.

వ్యాయామం ఒకటి చెప్తాను, అది సరిగ్గా చేస్తే చాలు. చేతిని చిటికెనవేలి పక్క బల్ల మీద ఆనేలా నిలబెట్టు, బొటనవేలు పైకి ఉండాలి. ఎడమచేతి వేలిని కుడి చూపుడువేలికి బొటనవేలి వైపు నుంచి అడ్డుపెట్టు. చూపుడువేలితో ఆ అడ్డాన్ని బొటనవేలి వైపు మెల్లగా నెట్టు, అడ్డం కదలకూడదు. రెండు వేళ్ల మధ్య కండ గట్టిపడటం చేతికి తెలుస్తుంది. ఆ కండ బొటనవేలి ఎముకని తన చోటికి లాగి పట్టి ఉంచుతుంది. ఐదు సెకన్లు పట్టి వదులు. అలా పదిసార్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. చేసేటప్పుడు నొప్పి రాకూడదు, వస్తే బలం తగ్గించు. మెత్తటి బంతులు పిసకమనీ, స్ప్రింగులు నొక్కమనీ ఎవరైనా చెప్తారు, వినకు. ఆ నొక్కుడంతా ఈ కీలు మీదే పడి నొప్పి పెరుగుతుంది. వేలు లాగి మెటికలు విరిపించుకోవడం, గట్టిగా మర్దన చేయించుకోవడం కూడా వద్దు. గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు చెయ్యి ఉంచితే బిగువు సడలుతుంది, వ్యాయామానికి ముందు అది బాగుంటుంది.

నొప్పి ఎక్కువున్న రోజుల్లో డైక్లోఫెనాక్ జెల్ పల్చగా రాసుకోవచ్చు. రాశాక చెయ్యి కంట్లో పెట్టుకోకు. మాత్రలు మాత్రం సొంతంగా వేసుకోవద్దమ్మా. నీకు బీపీ ఉంది, నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, కిడ్నీలకీ కడుపుకీ మంచివి కావు. తప్పనిసరైతే మీ డాక్టర్‌ని అడిగే వేసుకో.

ఇవన్నీ మూడు నెలలు చేసినా గ్లాసు పట్టుకోవడం కష్టంగానే ఉంటే, లేదా నొప్పికి రాత్రి నిద్ర పట్టకపోతే, ఆర్థోపెడిక్ డాక్టర్‌ని కలువు. మీకు దగ్గర్లో ఎవరూ లేకపోతే నిమ్స్‌లోనో ఉస్మానియాలోనో ఆ విభాగానికి వెళ్లొచ్చు. చేతి ఎక్స్‌రే అని కాకుండా బొటనవేలి మొదట్లో ఉన్న కీలు స్పష్టంగా కనిపించేలా తియ్యమని అడుగు. ఫిల్మ్‌లో అరుగుదల ఎక్కువ కనిపించిందని కంగారుపడకు. ఎముక బాగా అరిగినా నొప్పి లేనివాళ్లున్నారు, కొంచెమే అరిగి విలవిల్లాడేవాళ్లూ ఉన్నారు. చికిత్స నీ నొప్పినిబట్టి ఉండాలి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాట వస్తుంది. కొందరికి కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు ఉపశమనం ఇస్తుంది, కొందరికి ఏమీ ఉండదు. అరిగిన గుజ్జుని అది తిరిగి తేలేదు, మాటిమాటికీ వేయించుకునేది కాదు. షుగర్ ఉన్నవాళ్లకి దాని తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. ఆపరేషన్ చివరి మెట్టు. ఈ కీలులో మణికట్టు వైపు ఉండే ట్రెపీజియం అనే చిన్న ఎముకని తీసేస్తారు. నొప్పి చాలామందికి బాగా తగ్గుతుంది, కానీ కొన్ని వారాలు కట్టుతో ఉండాలి, పట్టు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. బోర్డు మీద రాసే ఉద్యోగం నీది కాబట్టి, ఆ మాటే వస్తే వేసవి సెలవుల మొదట్లో పెట్టుకోవడం గురించి డాక్టర్‌తో మాట్లాడు.

ముందు పట్టీ కొనుక్కుని, అది వేసుకుని సున్నా చుట్టిన చెయ్యి ఫోటో నాకు వాట్సాప్‌లో పంపు. ఒకటి పైనుంచి, ఒకటి పక్కనుంచి తియ్యి. కొలత సరిగ్గా లేకపోతే బిల్లు పారెయ్యకముందే మార్చుకోవచ్చు.

మీ పెద్దమ్మ