మహేశ్‌కు చాయ్ ఎందుకు దొరకలేదు

హనుమకొండ

తమ్ముడు రవీందర్‌కు,

నీ కథ అందింది. చదువుతుంటే కోపమొచ్చింది. కారణం బ్రాకెట్లు. పరకాల నుంచి ఇంగ్లండ్‌లోని లీడ్స్ పోయిన మహేశ్ ఆఫీసులో కాలు పెట్టిన దగ్గర్నుంచి ప్రతి ఇంగ్లిష్ మాట వెనక ఒక బ్రాకెట్, అందులో దాని అర్థం. 'ఈఓడీ' అంటే ఇది, 'టచ్ బేస్' అంటే అది. నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక సంపాదకుడు నా కథకు ఇదే పని చేశాడు. 'గంజు'కు అర్థం రాసివ్వమన్నాడు. ఇయ్యనన్నాను. తనే కింద చుక్క పెట్టి 'గంజి తాగే పాత్ర' అని అచ్చేశాడు. మా అమ్మ ఆ గంజుల కూర వండేది. ఇప్పటికీ ఆయన పేరు వింటే నాకు బీపీ పెరుగుతుంది. ఆయన మనకు చేసింది నువ్వు ఇంగ్లిష్‌కు చేస్తున్నావు.

అసలు విషయం వేరే ఉంది. తెలియని మాటతో మహేశ్‌కు వచ్చే నష్టమేమీ లేదు. ఈఓడీ అంటే ఏందో ఫోన్ తీసి చూసుకుంటాడు, రెండు నిమిషాల పని. మనిషి దెబ్బతినేది తనకు తెలుసనుకున్న మాట దగ్గర. గోదావరిఖనిలో నేను గని ఆఫీసులో క్లర్కుగా ఉన్నప్పుడు నర్సంపేట నుంచి ఒక కుర్రాడు కొత్తగా చేరాడు. 'రేపు ప్లే డే, వస్తవా?' అని ఎవరో అడిగితే ఆటల పోటీలనుకుని క్రికెట్ బ్యాటుతో దిగాడు. సింగరేణిలో ప్లే డే అంటే వారపు సెలవు రోజు. ఆ రోజు డ్యూటీ చేస్తే మామూలు కంటే ఎక్కువ జీతం పడుతుంది కాబట్టి అందరూ దాని కోసం ఎదురుచూస్తారు. 'మస్టర్' అంటే ఏందని వాడు మొదటి రోజే అడిగాడు. ప్లే డే గురించి మాత్రం అడగలేదు. ఎందుకడుగుతాడు, రెండు మాటలూ వచ్చినవే కదా.

నీ కథలో అలాంటి చోటు ఒకటుంది, నువ్వు దాన్ని రెండు లైన్లలో తోసేశావు. మేనేజర్ మహేశ్ రాసిన రిపోర్టు చూసి, 'క్వైట్ గుడ్. యూ మైట్ వాంట్ టు హ్యావ్ అనదర్ లుక్ ఎట్ ద థర్డ్ సెక్షన్, వెన్ యూ గెట్ ఎ మొమెంట్' అంటాడు. మహేశ్‌కు ఇందులో తెలియని మాట ఒక్కటీ లేదు. బాగుందన్నాడు, వీలున్నప్పుడు మూడో భాగం ఇంకోసారి చూసుకోమన్నాడు, అంతే అనుకుని వేరే పని మీద పడతాడు. అక్కడి ఇంగ్లిష్‌లో 'క్వైట్ గుడ్' చాలాసార్లు ఫర్వాలేదు అనే దగ్గరే ఆగిపోతుంది. మిగతా వాక్యం సలహా వేషంలో ఉన్న ఆర్డరు: మూడో భాగం పనికిరాదు, తిరగరాయి, తొందరగా. మన దగ్గర సారు కాగితం బల్ల మీద పడేసి 'ఏందిది?' అంటాడు కాబట్టి మహేశ్ చెవి ఆ గొంతు కోసమే చూస్తుంటుంది. మెత్తగా చెప్పింది దానికి ఆర్డరులా వినబడదు.

పసిగట్టడానికి దారి లేదా అంటే ఉంది. మెచ్చుకోలు ఎటూ కాకుండా ఉండి, దాని వెనకే ఫలానా భాగం అని వేలు పెట్టి చూపిస్తే, అసలు మాట ఆ వేలు చూపిన దగ్గరుంది. రెండు రోజులకు అదే సంగతి మెయిల్‌లో వస్తుంది. మూడోసారి వచ్చేటప్పుడు సీసీలో ఇంకొకరి పేరు చేరుతుంది. అప్పటికే ఆలస్యమైంది. ఈ మెట్లన్నీ నాకు కథలో కనబడాలి. మహేశ్ ప్రతి మెట్టు దగ్గరా నవ్వుతూ 'ష్యూర్' అనాలి. ఒక జాగ్రత్త: ఇంగ్లండ్ వాళ్లందరినీ ఇదే గాటన కట్టకు. యార్క్‌షైర్ వాళ్లు ఉన్నదున్నట్టు అనేస్తారని అక్కడే పేరుంది, నీ లీడ్స్ ఉన్నది యార్క్‌షైర్‌లోనే. కాబట్టి మేనేజర్‌ను లండన్ వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాణ్ని చెయ్యి. పక్క సీటు స్థానికుడు 'థర్డ్ సెక్షన్ చెత్తగా ఉందిరా' అని మొహం మీదే అంటే మహేశ్ అతన్ని శత్రువు అనుకోవాలి, మెత్తగా మాట్లాడే మేనేజర్‌ను దేవుడనుకోవాలి.

ఇక చాయ్ సీన్. కథ మొత్తంలో నన్ను ఆపింది అదొక్కటే. ఒకామె లేచి 'ఎనీవన్ ఫర్ ఎ బ్రూ?' అంటుంది. మహేశ్ 'నో, థాంక్స్' అని రెండోసారి అడుగుతుందని కూర్చుంటాడు. ఆమె అడగదు. మనింట్లో చుట్టం మొదటిసారి వద్దనడం మర్యాద, వద్దన్నా గ్లాసు చేతిలో పెట్టడం మన మర్యాద. అక్కడ వద్దంటే వద్దనే, ఇంకోసారి అడిగితే బలవంతం చేసినట్టు. ఇంతవరకు బాగా రాశావు, తర్వాత సగంలో వదిలేశావు. మరునాడు మహేశ్ వంటగదిలోకి పోయి ఒక్క కప్పు, తనకు మాత్రమే, కలుపుకుని సీటుకు వస్తాడు కదా? అప్పుడు కదా అసలు తప్పు జరిగింది! అక్కడ చాలా ఆఫీసుల్లో ఒకరు లేస్తే చుట్టుపక్కల అందరినీ అడుగుతారు, వంతులవారీగా అందరికీ కలుపుతారు. ఒక్కడే కలుపుకుని తాగేవాడి మీద నోరు విప్పి ఎవరూ ఏమీ అనరు. కొన్నాళ్లకు 'మన మహేశ్‌కు కెటిల్ ఎక్కడుందో ఇంకా ఎవరూ చూపించలేదా?' అని ఒక జోకు పడుతుంది. అందరూ నవ్వుతారు. మహేశ్ కెటిల్ ఎక్కడుందో వేలితో చూపిస్తాడు. ఈ సీన్ రాయి.

నీ ముగింపు నాకు నచ్చలేదు. టిఫిన్ డబ్బా వాసన మీద ఎగతాళి చేశారని మహేశ్ రాజీనామా చేస్తాడు, తెల్లవాళ్లంతా దుర్మార్గులని తేలిపోతుంది. ఈమధ్య ఎన్నారై కథ అంటే ఇదే అచ్చు అయింది, పత్రికలూ ఇవే వేసుకుంటున్నాయి. మహేశ్ చిక్కు అంతకంటే లోతైనది. మన ఊళ్లో పరాచికానికి వరస ఉండాలి. బావ ఏమన్నా నవ్వుతాం, అదే మాట పాలివాడు అంటే కొట్లాట. ఆఫీసులో వరసలుండవు. ఎవరు బావో ఎవరు పాలివాడో తెలియక మహేశ్ ప్రతి జోకుకూ ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతాడు. ఆ ఆలస్యం రాయి, రాజీనామా వద్దు.

పక్క సీటువాడు మహేశ్ కలిపిన చాయ్ చూసి 'ఇది చాయా, చెరువు నీళ్లా?' అనాలి. మహేశ్ 'నువ్వు నిన్న కలిపిందే మిగిలితే పోశాను' అనాలి. ఇది దగ్గరికి తీసుకోవడం, తిరిగి అనే వీలుంది. తర్వాత అదే మనిషి డబ్బా వాసన మీద అంటాడు, మర్నాడు మళ్లీ అంటాడు, యాస కూడా అనుకరిస్తాడు. దీనికి తిరిగి అనడానికి మహేశ్ దగ్గర ఏమీ లేదు. అక్కడి 2010 ఈక్వాలిటీ చట్టం ఈ సంగతి పట్టించుకుంది. జాతికో మతానికో ముడిపడిన ఎగతాళి మనిషి గౌరవాన్ని దెబ్బతీస్తే, 'ఊరికే సరదాకన్నాను' అన్నంత మాత్రాన తప్పించుకోలేరు. ఉద్దేశం లేకపోయినా దాని ప్రభావాన్ని చూస్తారు, అలా బాధపడటం సబబేనా అన్నదీ చూస్తారు. మహేశ్‌కు ఈ చట్టం తెలియనక్కర్లేదు, నీకు తెలియాలి. రెండు సీన్లలోనూ నవ్వేవాళ్లు వాళ్లే ఉండనీ. ఎవరి మీదా నువ్వు తీర్పు చెప్పకు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. నాకు సంపాదకుల్లో సగం మందితో మాటల్లేవు, నన్నడిగితే నీకే నష్టం. మేనేజర్ పేరు మొదట్లో ఒకటి, చివర్లో ఇంకొకటి ఉంది, సరిచెయ్యి. బ్రాకెట్లన్నీ తీసేసి మళ్లీ పంపు. పండక్కి ఊరికొస్తే ఇంటికి రా, వద్దన్నా చాయ్ ఇస్తా.

నర్సయ్య