మూసిన ప్యాకెట్‌లోనూ బ్రెడ్ ఎందుకు గట్టిపడుతుంది?

ప్రశ్న: సార్, మాది ప్రొద్దుటూరు. బీటెక్ ఫుడ్ టెక్నాలజీ ఫైనలియర్. ఒక బేకరీ కంపెనీ ఇంటర్వ్యూలో బ్రెడ్ ఎందుకు పాతబడుతుందని అడిగితే తేమ పోవడం వల్ల అన్నాను. ‘ప్యాకెట్ మూసే ఉంది, తేమ ఎక్కడికి పోయింది?’ అన్నారు. జెలటినైజేషన్, రెట్రోగ్రేడేషన్ చదివాను కానీ అక్కడ ముడిపెట్టలేకపోయాను. ఇలాంటి ప్రశ్నలకు ఎలా తయారవ్వాలి?

జవాబు: వాళ్లడిగిన ప్రశ్న 1852 నాటిది. తేమ బయటికి పోకుండా మూసి ఉంచినా రొట్టె పాతబడుతుందనీ, మళ్లీ వేడిచేస్తే మెత్తబడుతుందనీ ఫ్రాన్స్ రసాయన శాస్త్రవేత్త బూసాంగో అప్పుడే చూపించాడు. ఎండిపోవడం వేరు, పాతబడటం వేరు. ఆ తేడా మీకు తెలుసో లేదో చూడటానికే ఆ ప్రశ్న వేస్తారు.

ముందు పిండిరేణువు సంగతి. గోధుమ స్టార్చ్‌లో సుమారు నాలుగో వంతు అమైలోజ్, మిగతాది అమైలోపెక్టిన్. అమైలోజ్ దాదాపు తిన్నని పొడవాటి గొలుసు. అమైలోపెక్టిన్ కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది, ఆ పొట్టి కొమ్మలు జంటలుగా పెనవేసుకుని స్ఫటికాలుగా సర్దుకుని ఉంటాయి. చాలినంత నీళ్లుండి వేడి 60 డిగ్రీల దరిదాపుకు వస్తే ఆ స్ఫటికాలు కరుగుతాయి, రేణువు ఉబ్బుతుంది, అమైలోజ్ కొంత బయటికి కారుతుంది. ఇదే జెలటినైజేషన్. పోలరైజ్డ్ మైక్రోస్కోప్ కింద పచ్చి రేణువులో కనిపించే నల్లటి శిలువ గుర్తు ఇక్కడ మాయమవుతుంది. (పేరు చూసి జెలటిన్‌తో ముడిపెట్టేవాళ్లు ఏటా ఉంటారు. అది ప్రోటీన్, దీనికీ దానికీ సంబంధం లేదు.)

జొన్నల్లో ఈ వేడి గోధుమ కంటే ఎక్కువ కావాలి, 70 డిగ్రీల చుట్టుపక్కల. మన ఇళ్లల్లో జొన్నపిండిలో మరిగే నీళ్లు పోసి పిసకడం అందుకే. జొన్నలో గ్లూటెన్ లేదు కాబట్టి కొంత స్టార్చ్‌ను ముందే ఉడికించి దాన్నే జిగురుగా వాడుకుంటారు. చన్నీళ్లతో కలిపితే రొట్టె తడుతుండగానే అంచులు పగులుతాయి.

ఇక రెట్రోగ్రేడేషన్, అంటే ఉడికి విడిపోయిన స్టార్చ్ గొలుసులు చల్లారాక మళ్లీ దగ్గరై సర్దుకోవడం. మీరు తడబడింది ఇక్కడే అనుకుంటాను. చాలామంది దాన్ని ఒకే ప్రక్రియగా బట్టీ పడతారు. నిజానికి అందులో రెండు గడియారాలు నడుస్తుంటాయి. అమైలోజ్‌ది వేగం: బ్రెడ్ చల్లారే కొద్ది గంటల్లోనే దాని గొలుసులు మళ్లీ దగ్గరై వల కడతాయి. పొయ్యి మీంచి దించిన రాగి సంగటి చల్లారాక ముద్ద గట్టిబడటంలో పెద్ద పాత్ర దీనిదే. ఇది చెడ్డది కాదు, వేడి బ్రెడ్‌ను కోస్తే నలిగిపోయి, చల్లారాక చక్కగా ముక్కలవడం దీని పుణ్యమే. అమైలోపెక్టిన్ గడియారం నెమ్మది: దాని కొమ్మలు మళ్లీ స్ఫటికాలు కట్టడానికి రోజులు పడుతుంది. మూడో రోజున బ్రెడ్ గట్టిగా తగలడం ప్రధానంగా దీనివల్లే.

ఈ రెండూ వేరని చెప్పే ఆధారం వేడి. అమైలోపెక్టిన్ స్ఫటికాలు 50–60 డిగ్రీల దగ్గరే కరిగిపోతాయి, అందుకే పాత బ్రెడ్‌ను వేడిచేస్తే మెత్తబడుతుంది. అమైలోజ్ స్ఫటికాలు కరగాలంటే వంద డిగ్రీలు దాటాలి, మామూలు వేడికి అవి కదలవు. వేడెక్కుతున్న పదార్థం ఎంత వేడి పీల్చుకుంటుందో కొలిచే డీఎస్‌సీ యంత్రంలో పాత బ్రెడ్ పెడితే 55 డిగ్రీల ప్రాంతంలో కనిపించే చిన్న శిఖరం అమైలోపెక్టిన్‌దే.

ఇంటర్వ్యూలో చెప్పడానికి ఇంకొకరి ప్రయోగం కంటే మీరు చేసినదే నమ్మకంగా వస్తుంది. కాలేజీ ల్యాబ్ అక్కర్లేదు. ఊళ్లో చిన్న బేకరీలో ఆ రోజే కాల్చిన సాదా బ్రెడ్ తీసుకోండి. కంపెనీ బ్రెడ్ వద్దు, ఎందుకో తర్వాత చెబుతాను. ఒకే లోఫ్ నుంచి రెండున్నర సెంటీమీటర్ల మందం ముక్కలు కోసి, గాలి చొరని జిప్ కవర్లలో వేసి, ప్రతి కవరూ గ్రాము తేడా తెలిసే త్రాసులో తూచి రాసుకోండి. మూడోవంతు బల్లమీద, మూడోవంతు ఫ్రిజ్‌లో, మిగతాది ఫ్రీజర్‌లో. రెండు రోజుల తర్వాత మళ్లీ తూచండి. ఫ్రీజర్ ముక్కను కవర్‌లోనే బయటపెట్టి పూర్తిగా గది వేడికి రానివ్వండి, ఫ్రిజ్ ముక్కను కూడా. తర్వాత ఒక్కో ముక్క మీద చిన్న పళ్లెం, దానిమీద అరకేజీ బరువు నిమిషం పాటు ఉంచి ఎంత కుంగిందో స్కేలుతో కొలవండి.

కవర్ల బరువు దాదాపు మారదు. ఫ్రిజ్ ముక్క అన్నిటికంటే తక్కువ కుంగుతుంది. స్ఫటికాలు మొలకెత్తడానికి చల్లదనం అనుకూలం, కానీ గొలుసులు కదలడానికి కొంత వేడి కావాలి. ఫ్రిజ్ వేడి, అంటే 4 డిగ్రీల దగ్గర, ఈ రెండూ కలిసివస్తాయి. ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర గొలుసులు కదలలేవు, అందుకే ఆ ముక్క తాజాగా ఉంటుంది. కర్నూలు, కడప మే నెల వేడిలో బల్లమీది ముక్క ఇంకా మెత్తగానే ఉండొచ్చు, కానీ బూజు ముందుగా వస్తుంది. అలా వస్తే ఆ ముక్క పారేసి ఒక రోజుకే ఫలితం తీసుకోండి.

చివరి మెట్టు అసలైనది. గట్టిపడిన ఫ్రిజ్ ముక్కను కవర్ విప్పకుండా 70 డిగ్రీల నీళ్లలో పదిహేను నిమిషాలు ఉంచండి. చుక్క నీరు లోపలికి పోలేదు, అయినా ముక్క మెత్తబడుతుంది. ‘తేమ ఎక్కడికి పోయింది’ అన్న ప్రశ్నకు ఇదే జవాబు. అయితే గట్టిదనమంతా స్టార్చ్‌దేనని మాత్రం అనకండి. లోపలి గుజ్జు నుంచి తేమ పైపొరకు చేరి అది సాగుడు కట్టడం, గ్లూటెన్‌లో వచ్చే మార్పు కూడా ఉన్నాయి.

కంపెనీ బ్రెడ్ వద్దన్నది ఇందుకు: ప్యాకెట్ వెనక ‘ఐఎన్‌ఎస్ 471’ కనిపిస్తే మోనో, డై గ్లిజరైడ్లు ఉన్నట్టు. అందులోని మోనోగ్లిజరైడ్ అమైలోజ్‌తో జతకట్టి గుజ్జును మెత్తగా ఉంచుతుంది. మాల్టోజెనిక్ అమైలేజ్ అనే ఎంజైమ్ వేసి ఉంటే అది అమైలోపెక్టిన్ బయటి కొమ్మలను కత్తిరిస్తుంది, కురచ కొమ్మలు స్ఫటికం కట్టలేవు. ఆ బ్రెడ్‌లో మీకు తేడా కొట్టొచ్చినట్టు కనిపించదు. ఈ ఎంజైమ్ మోతాదు మించితే గుజ్జు జిగురై కోసే బ్లేడుకు అంటుకుంటుంది. బేకరీల్లో తరచూ వచ్చే ఫిర్యాదు అది. మామూలు ఫంగల్ అమైలేజ్ స్టార్చ్ ఉడికే వేళకే వేడికి చచ్చిపోతుంది, కాబట్టి పాతబడటాన్ని పెద్దగా ఆపదు.

స్టార్చ్ జావ చిక్కదనాన్ని కొలిచే ఆర్‌వీఏ యంత్రం రీడింగ్‌లో ‘సెట్‌బ్యాక్’ అంటే రెట్రోగ్రేడేషన్ అని చెప్పి ఊరుకోవద్దు. అది ఉడికిన జావ చల్లారుతున్న కొద్ది నిమిషాల సంగతి, ఎక్కువగా అమైలోజ్ కథ. మూడు రోజుల బ్రెడ్ గురించి అది నమ్మదగ్గ జోస్యం చెప్పదు. దానికి ముక్కను నొక్కి బలం కొలిచే టెక్స్చర్ ఎనలైజర్ కావాలి.

మీకు ఈ పని నచ్చితే మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో ఎమ్మెస్సీ ఫుడ్ టెక్నాలజీ చూడండి. ఉద్యోగాలైతే బేకరీల నాణ్యతా విభాగాలు, ఎంజైమ్ కంపెనీల అప్లికేషన్ ల్యాబ్‌లు, చిరుధాన్యాల ఉత్పత్తుల యూనిట్లు ఈ ప్రశ్నలే అడుగుతాయి. బ్రెడ్ తర్వాత వచ్చే ప్రశ్న సాధారణంగా ‘మరి బిస్కెట్ ఎందుకు ఇలా పాతబడదు?’ అని. బిస్కెట్ పిండిలో నీళ్లు తక్కువ, చక్కెర ఎక్కువ, అందువల్ల చాలా స్టార్చ్ అసలు జెలటినైజ్ కాదు. కాలాక మిగిలిన కాస్త తేమలో గొలుసులు కదలవు కూడా. ఎండబెట్టిన పలుచటి జొన్నరొట్టె రోజుల తరబడి నిలవడానికీ ఈ రెండో కారణమే. గాలి తగిలితే బిస్కెట్ గట్టిపడదు, మెత్తబడుతుంది.