నైట్ ఆయాకు పంపే మెసేజ్‌లో తప్పక ఉండవలసిన మాట

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్లు, పక్షవాతంతో మంచంలోనే ఉంటుంది. 14 నెలల క్రితం ఒక ఏజెన్సీ పంపిన నైట్ ఆయా రాత్రి రెండు గంటలకు ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. అమ్మ మంచం మీద నుంచి పడి తుంటి ఎముక విరిగింది. తప్పు నాదేనని అన్నయ్యలు అంటున్నారు. ఫోన్ మార్చినప్పుడు అప్పటి మెసేజ్‌లు పోయాయి, డబ్బు కట్టిన రసీదులు మాత్రం ఉన్నాయి. ఆ ఆయామీద కేసు పెట్టవచ్చా? ఇప్పుడు తెలిసినవారి ద్వారా ఒకామెను నెలకు 18,000కు కుదుర్చుకుంటున్నాను. వాట్సాప్ మెసేజ్ చాలా? 20,000 అడ్వాన్సు ఇచ్చి, ఒరిజినల్ ఆధార్ కార్డు, సంతకం చేసిన ఖాళీ ప్రామిసరీ నోటు తీసుకోమని మా బంధువు చెబుతున్నారు.
— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: తప్పు మీదా, మీ అన్నయ్యలదా అన్నది కోర్టు అడగదు. అమ్మగారిని కనిపెట్టుకుని ఉంటానని ఆ రాత్రికి ఒప్పుకున్నది ఎవరు, ఎవరితో ఒప్పుకున్నారు అన్నదే అడుగుతుంది. మీ పాత వ్యవహారం, కొత్త వ్యవహారం రెండూ తేలేది అక్కడే.

భారతీయ న్యాయ సంహితలో 357వ సెక్షన్ ఉంది. పాత శిక్షాస్మృతిలో ఇది 491. జబ్బువల్ల లేదా శరీర బలహీనతవల్ల తన అవసరాలు తాను తీర్చుకోలేని మనిషిని చూసుకుంటానని చట్టబద్ధమైన ఒప్పందంతో కట్టుబడినవారు, తెలిసి తెలిసి ఆ పని మానేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇందులో "ఒప్పందం", "తెలిసి" అన్న రెండు మాటలనూ మీరు రుజువు చేయాలి. కూర్చున్నచోటే కునుకు పట్టడం వేరు, తలుపు తీసుకుని వెళ్లిపోవడం వేరు.

మీ రసీదులు ఏజెన్సీ పేరున ఉంటే, మీ ఒప్పందం ఏజెన్సీతోనే తప్ప ఆ ఆయాతో కాదని ఆమె తరఫు న్యాయవాది మొదటిరోజే వాదిస్తారు. పైగా ఇది పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయగల నేరం కాదు. మీరే మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఏడాదికి మించని శిక్ష ఉన్న నేరాన్ని సంవత్సరంలోపే కోర్టు విచారణకు స్వీకరించాలని నాగరిక సురక్షా సంహిత 514వ సెక్షన్ చెబుతుంది. ఆ గడువు దాటి రెండు నెలలైంది. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం కోర్టుకు ఉంది గాని, అన్నయ్యలతో వాదనలు కారణం కాదు. తుంటి విరిగిన వారంలోనే ఏజెన్సీకి నోటీసు ఇవ్వకపోవడం, మెసేజ్‌లు భద్రపరచకపోవడం మీ అజాగ్రత్త. ఏజెన్సీమీద సేవాలోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువులో ఇంకా పది నెలలు మిగిలాయి. రసీదులు, ఆసుపత్రిలో చేర్చిన తేదీ, సమయం ఉన్న డిశ్చార్జి సమ్మరీ పట్టుకుని ఈ నెలలోనే ఆ పని మొదలుపెట్టండి.

ఇక కొత్త ఆమె. ఒప్పందం కాగితం మీదే ఉండాలని కాంట్రాక్టు చట్టం అనదు, ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిన ఒప్పందం చెల్లుతుందని ఐటీ చట్టం 10ఎ సెక్షన్ చెబుతుంది. కాబట్టి వాట్సాప్ చాలు. అయితే మీరు పంపిన మెసేజ్ ఒక ప్రతిపాదన మాత్రమే, ఆమె ఒప్పుకుంటేనే ఒప్పందం అవుతుంది. నీలం టిక్కులు ఒప్పుకోలు కావు. ఆమె చదవలేకపోతే చదివి వినిపించి, తన పేరు, తేదీ చెప్పి ఒప్పుకుంటున్నట్టు తన ఫోన్ నుంచే వాయిస్ మెసేజ్ పంపమనండి. మెసేజ్ ఇలా ఉండవచ్చు:

"అమ్మా, మా అమ్మగారు పక్షవాతంతో మంచంలో ఉన్నారు, తనంతట తాను కదలలేరు. ఆమెను రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు చూసుకోవడానికి మిమ్మల్ని నేనే నేరుగా పెట్టుకుంటున్నాను. రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, డైపర్ మార్చి శుభ్రం చేయాలి, నీళ్లు, నేను డబ్బాలో పెట్టిన మాత్రలు ఇవ్వాలి, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసి ఎంత వచ్చిందో పుస్తకంలో రాయాలి. ఇంజెక్షన్లు మీ పని కాదు. మధ్యలో కాసేపు నడుం వాల్చవచ్చు గాని అదే గదిలో ఉండాలి. ఏ కారణంతో వెళ్లవలసి వచ్చినా నన్ను లేపి, అమ్మగారిని నాకు అప్పగించిన తర్వాతే వెళ్లాలి. జీతం నెలకు 18,000, ప్రతి నెల 5వ తేదీలోపు మీ ఖాతాలో వేస్తాను. నెలకు నాలుగు రాత్రులు సెలవు. మానాలన్నా, మాన్పించాలన్నా ఏడు రోజుల ముందు చెప్పాలి. మీరు పనిచేసిన రెండు ఇళ్ల నంబర్లు ఇవ్వండి. వారితో మాట్లాడి, పోలీసు పరిశీలన కోసం మీ వివరాలు స్టేషన్‌లో ఇస్తాను. సమ్మతమైతే జవాబు ఇవ్వండి."

ఇందులో అప్పగింత వాక్యాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తీసేయకండి. ఏడు రోజుల నోటీసు ఇవ్వకుండా మానేస్తే అది డబ్బు తగాదా మాత్రమే. అప్పగించకుండా అర్ధరాత్రి వెళ్లిపోతేనే 357 ముందుకు వస్తుంది, అప్పుడు "ఇంట్లో మనుషులు ఉన్నారుగా" అన్న సమర్థనకు ఈ వాక్యమే అడ్డు నిలుస్తుంది. "నేనే నేరుగా" అన్న మాట కూడా మీ పాత లోపాన్ని పూడ్చడానికే.

పాత ఇళ్లవారికి ఫోన్ చేసి "ఆమె మంచిదేనా" అని అడిగితే మంచిదేనంటారు. మీరేమీ అందించకుండా, రోగికి ఏమైంది, ఏ నెల నుంచి ఏ నెల వరకు చేసింది, జీతం ఎలా ఇచ్చేవారు, ఎందుకు మానింది అని అడిగి, అవే ప్రశ్నలకు ఆమె చెప్పిన జవాబులతో పోల్చండి. ఆమె తుంటి ఆపరేషన్ అన్నచోట అవతలివారు షుగర్ అని తడబడితే, ఆ నంబరు చుట్టానిదో స్నేహితురాలిదో అనుకోవాలి. వీలుంటే ఒక ఇంటికి స్వయంగా వెళ్లిరండి. ఎవరితో ఏ తేదీన మాట్లాడారో రాసిపెట్టుకోండి.

మీ బంధువు చెప్పిన దారిలోకి వెళ్లవద్దు. అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా మరోచోట పని చేసుకునే స్వేచ్ఛ ఆమెకు లేకుండా చేస్తే అది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వచ్చే ప్రమాదం ఉంది. అందులో మూడేళ్ల వరకు జైలు ఉంది. ఫిర్యాదు చేయవలసిన మీరే ముద్దాయిగా నిలబడతారు. ఖాళీ నోటు, ఒరిజినల్ కార్డు మీ బీరువాలో దొరికితే అవే మీమీద సాక్ష్యాలు. మొదటి ఎనిమిది అంకెలు కనిపించకుండా చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ప్రతి, ఒక ఫొటో తీసుకుంటే చాలు. అడ్వాన్సు తప్పనిసరైతే చిన్న మొత్తం ఖాతాలో వేసి, మానినా పని చేయించి వసూలు చేయనని అదే మెసేజ్‌లో రాయండి. జీతం చేతికి నగదుగా ఇవ్వకండి. ఇవ్వలేదని ఆమె మూడేళ్లలోపు దావా వేయవచ్చు, అప్పుడు మీ బ్యాంకు స్టేట్‌మెంటే జవాబు.

ఈ చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ఈరోజే ఆపేయండి. స్క్రీన్‌షాట్లమీదే ఆధారపడకండి. చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి మీ ఈమెయిల్‌కు పంపుకోండి, వాయిస్ మెసేజ్‌తో సహా. కోర్టులో వాటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, అందులో మొదటి భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఈసారి ఫోన్ మార్చినా పాత ఫోన్ అమ్మవద్దు. ఆమె పని మానిన తర్వాత మూడేళ్లయినా బీరువాలో ఉంచండి.