పర్సన్-మంత్స్ ఫుల్‌టైమ్ దాటాయో లేదో ఎలా చూడాలి?

ప్రశ్న: మా ప్రపోజల్‌లో ఎవరికీ ఏడాదికి 12 పర్సన్-మంత్స్ దాటలేదు. ఇక చెక్ చేయాల్సిందేమైనా ఉందా?

ఉంది. ఒక మనిషి నెలంతా ఫుల్‌టైమ్‌గా చేసే పని ఒక పర్సన్-మంత్, కాబట్టి ఒక్కో మనిషికి ఒక్కో నెలలో పడే పనిని విడిగా కూడాలి. ఏ నెలలోనైనా మొత్తం 1 దాటితే ఫుల్‌టైమ్ మించినట్టే. ఏడాది మొత్తం చూస్తే ఖాళీ నెలలు రద్దీ నెలల్ని కప్పేస్తాయి.

రాయగడ జిల్లాలో రాగి సాగుపై ప్రపోజల్ అనుకోండి. ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌కు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పొలాల సర్వేలో 3 పర్సన్-మంత్స్, ఆగస్టు నుంచి నవంబర్ దాకా ఇంటర్వ్యూల్లో 2 రాశారు. మొత్తం 5, చూడ్డానికి తేలికే. నెలకు పంచితే సర్వేకి 0.75, ఇంటర్వ్యూలకి 0.5. రెండూ కలిసే ఆగస్టు, సెప్టెంబర్‌లలో 1.25 అవుతుంది. సర్వే పంటను బట్టి నడుస్తుంది, దాన్ని కదపలేం. ఇంటర్వ్యూలను అక్టోబర్‌లో మొదలుపెడితే సరిపోతుంది.

చాలామంది ఈ ఒక్క ప్రపోజల్‌లోని అంకెలే కూడతారు. అదే వ్యక్తి వేరే ప్రాజెక్టులో నెలకు 0.4 చేస్తుంటే ఇక్కడ మిగిలేది 0.6 మాత్రమే. పక్కవాళ్లకు ఖాళీ ఉందన్నది లెక్కలోకి రాదు, వాళ్ల పేరు మీద ఆ పని రాస్తే తప్ప.