కాఫీ చేదుకు చిటికెడు ఉప్పు

"ఫిల్టర్ కాఫీ చేదుగా వస్తోంది. చిటికెడు ఉప్పేస్తే తగ్గుతుందంటున్నారు, నిజమేనా? ఎంత వెయ్యాలి?"

నిజమేనండీ. ఉప్పులోని సోడియం చేదు నాలుకకు తెలియకుండా అణచిపెడుతుంది. చేదు మాత్రం కాఫీలో అలాగే ఉంటుంది. అయితే ఒక్క కప్పుకి చిటికెడు చాలా ఎక్కువ, చారులా అయిపోతుంది. నేనైతే చెంచాడు ఉప్పుని నాలుగు చెంచాల వేడినీళ్లలో కరిగించి, డ్రాపర్ సీసాలో పోసి పెట్టుకుంటాను. కప్పుకి ఒక చుక్క వేసి, కలిపి, రుచి చూడండి. చాలకపోతే ఇంకోటి. మూడు దాటొద్దు. ఉప్పదనం నాలుకకు తెలిసిందంటే ఎక్కువైనట్టే.

మాడు వాసన వస్తుంటే మాత్రం ఉప్పు పనిచేయదు. పొడి మరీ నల్లగా వేయించిందో, డికాషన్ మళ్లీ మరిగించారో చూసుకోండి. డికాషన్‌ను పొయ్యి మీద పెట్టకుండా, పాలు మాత్రమే కాచి కలపండి.