అరికాల్లో విరిగిపోయిన తుమ్మ ముల్లు

ప్రశ్న: నిన్న సాయంత్రం గుంటూరు దగ్గర మా మిర్చి చేలో, హవాయి చెప్పులోంచి తుమ్మ ముల్లు మడమలో దిగిందండీ. లాగితే విరిగింది. నల్లచుక్క కనపడుతోంది. పిన్నీసుతో కెలికి తీయొచ్చా?

జవాబు: ముందు ఒక్క మాట చెప్పండి, మీకు షుగర్ ఉందా? కాళ్లు తిమ్మిరెక్కుతుంటాయా? ఉంటే ఇంట్లో ముట్టుకోకండి, ఇవాళే డాక్టర్‌కి చూపించండి. నొప్పి తెలియక పుండు పెరిగిపోతుంది.

అవేవీ లేకపోతే, చుక్క కనపడుతోంది కాబట్టి ఒకసారి ప్రయత్నించొచ్చు. పిన్నీసు వద్దు, సన్న కుట్టుసూది తీసుకోండి. సూదినీ ట్వీజర్‌నీ 10 నిమిషాలు నీళ్లలో మరిగించండి. కాలు సబ్బుతో కడిగి తుడుచుకోండి. నీళ్లలో నానబెట్టకండి, ముల్లు ఉబ్బి మెత్తబడి ముక్కలవుతుంది.

మంచి వెలుతురులో ఇంకొకరి చేత తీయించుకోండి, మీ మడమ మీకు సరిగా కనపడదు. మడమ పైపొర చచ్చిన చర్మం, దానికి రక్తమూ నొప్పీ ఉండవు. సూదిని గుచ్చకుండా దాదాపు పడుకోబెట్టి, చుక్క పక్కనుంచి ఆ పొరను కొంచెం కొంచెంగా పైకి చీల్చుతూ పోవాలి. ముల్లు తల ట్వీజర్‌కి అందగానే, అది ఏ వాలులో దిగిందో అదే వాలులో నెమ్మదిగా లాగాలి. నిటారుగా లాగితే మళ్లీ విరుగుతుంది. పక్కలు నొక్కి పిండితే లోపలికి జారుతుంది.

రక్తం చిమ్మినా, చురుక్కుమన్నా చచ్చిన పొర దాటేశారని అర్థం. అక్కడ ఆపేయండి. 10 నిమిషాల్లో రాకపోయినా అంతే. జిల్లేడు పాలు, కాగిన నూనె చుక్కలు వేయమంటారు, వద్దు. వాటితో చర్మం కాలుతుంది.

బయటికొచ్చిన ముక్కను తెల్లకాగితం మీద పెట్టి చూడండి. కొన సూదిగా ఉంటే అంతా వచ్చినట్టే. మొద్దుగా తెగినట్టుంటే కొన ఇంకా లోపలే ఉంది.

చేలో మట్టి అంటిన గాయం కాబట్టి, చిన్నప్పటి టీకాలన్నీ వేసుకున్నా ఆఖరి టీటీ 5 ఏళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోయినా వేయించుకోండి. దానికి మీ ఊరి పీహెచ్‌సీ చాలు.

ముల్లు అందకపోయినా, కొన మిగిలిందనిపించినా సర్జన్‌కి చూపించండి. ముల్లు వేలి కీలు దగ్గర దిగినప్పుడైతే ఇంట్లో ప్రయత్నమే వద్దు. రెండు రోజుల తర్వాత నొప్పి తగ్గకుండా పెరిగినా, చీము పట్టినా, ఎర్రటి గీత పైకి పాకినా, జ్వరం వచ్చినా ఆ రోజే వెళ్లాలి. వెళ్లినప్పుడు చెప్పులోంచి దిగిందని తప్పక చెప్పండి, ముల్లుతోపాటు రబ్బరు ముక్క కూడా లోపలికి పోయి ఉండొచ్చు.

ఎక్స్‌రేలో ముల్లు సాధారణంగా కనపడదు. అది బాగుందని ఇంటికి పంపినా, వారాల తర్వాత కూడా అడుగేస్తే అక్కడే పోటు వస్తుంటే అల్ట్రాసౌండ్ స్కాన్ అడగండి. దాంట్లో ముల్లు ఎంత లోతులో, ఏ వాలులో ఉందో తెలిస్తే తిమ్మిరి ఇంజక్షన్ ఇచ్చి చిన్న కోతతో తీసేస్తారు.